ప్రాంతీయ అమ్మకాల మేనేజరుగా మా మొదటి మాట

(బళ్ళారిలో మన సమాఖ్య డిపోల అమ్మకం సిబ్బందితో మొదటి సమావేశంలో మాట్లాడినది. వార్షికోత్సవ సంచిక కోసం రాసి ఇచ్చినది.)



బళ్ళారి, సిరుగుప్ప, రాయదుర్గం, ఆదోని నాలుగు డిపోల వాళ్ళూ వచ్చినారు. సంతోషం. రాయదుర్గం వాళ్ళు పొద్దున మొదటి బస్సుకే బయల్దేరినామన్నారు, టిఫిను తిన్నారో లేదో. తినకపోతే ముందు తినండి, మేము కాసేపు ఆగుతాం.

మాకు ప్రాంతీయ అమ్మకాల మేనేజరు అని పేరు పెట్టి ఈ కుర్చీలో కూర్చోబెట్టినారు. మాకు చదువు ఎనిమిదో తరగతి. ఆ తర్వాత మగ్గం గుంటలోకి దిగినాం. నలభై ఏళ్ళు మగ్గం, సంఘం తప్ప వేరే లోకం తెలీదు. సంఘం సెక్రటరీగా ఇన్నేళ్ళూ మీకు సరుకు పంపినవాళ్ళమే గాని, కౌంటరు వెనక నిలబడి ఒక చీర అమ్మినవాళ్ళం కాదు. గావున మిమ్మల్ని తిట్టే అర్హత మాకు లేదు. మీరేమో తిట్లు తినడానికే తయారై వచ్చినట్టు కూర్చున్నారు. ముందు వరస ఖాళీగా పెట్టి అందరూ వెనక్కి పోయినారు చూడండి.

పోయిన ఏడు మీకు ఇచ్చిన లక్ష్యం 60 లక్షలు. మీరు అమ్మింది 41 లక్షలు. కాగితం మీద చూస్తే మూడోవంతు తక్కువ. ఆ కాగితం చూసే పై వాళ్ళు మీ ఇంక్రిమెంట్లు ఆపినారు, ఇద్దరిని బదిలీ చేసినారు. మేము మాత్రం ఆ కాగితం పక్కన పెట్టి, ఈ 60 అనే అంకె ఎక్కడినుండి వచ్చింది అని పాత ఫైళ్ళు తిరగేసినాం.

అంతకు ముందు ఏడు అమ్మకం 50 లక్షలు. దానికి నూటికి ఇరవై కలిపినారు, 60 అయింది. అంతే, ఇంకే లెక్కా లేదు. అయితే ఆ 50 లక్షల్లో 9 లక్షలు ఒక ఆఫీసు వాళ్ళు యూనిఫారం గుడ్డకు ఇచ్చిన ఒక్కసారి ఆర్డరు. అది మీరు తెచ్చింది కాదు, మీరు పోగొట్టింది కాదు. వచ్చింది, అయిపోయింది. అది తీసేస్తే డిపోల అమ్మకం 41 లక్షలు. ఈ ఏడు కూడా 41. అంటే మీరు మూడోవంతు పడిపోలేదు, ఉన్నచోటే నిలబడినారు. లక్ష్యం వేసినవాళ్ళు రాని ఆర్డరు మీద కూడా ఇరవై శాతం పెంచి మీ నెత్తిన పెట్టినారు.

ఇంతవరకు విని మీ మొహాలు కొంచెం విచ్చుకున్నాయి. మిగతాది కూడా వినండి.

41 లక్షలు రెండేళ్ళూ ఒకటే. కాని నూలు ధర పెరిగింది, మనమూ ధర పెంచినాం. ముందటి ఏడు ఒక చీర సగటున 1,900 పడింది. ఈ ఏడు 2,050. డబ్బు ఒకటే అయినప్పుడు చీరలు తగ్గినట్టే కదా. లెక్క వేస్తే అప్పుడు సుమారు 2,150 చీరలు పోయినాయి, ఇప్పుడు 2,000. నూటయాభై చీరలు తక్కువ అమ్మినాం. రూపాయల్లో లెక్క చూసుకునేసరికి ఈ నూటయాభై ఎవరికీ కనిపించలేదు. మగ్గం మీద కూర్చున్నవాడికి మాత్రం కనిపించింది. మామూలు నూలు చీర ఒకటి ఆసు పోయడం, అచ్చు అతకడం అన్నీ పంచి కలుపుకుంటే మూడు దినాల పని అనుకోండి. నూటయాభై చీరలంటే 450 దినాలు. ఏడాదికి 300 దినాలు నేస్తే, ఒకటిన్నర మగ్గం ఏడాది పొడుగునా మూలన పడినట్టు. మా సంఘంలో రెండు మగ్గాలు నిజంగానే ఆగినాయి. ఆ ఇళ్ళ మగపిల్లలు ఇప్పుడు ఇదే బళ్ళారిలో జీన్సు కుట్టే షెడ్లలో ఉన్నారు. వాళ్ళను తప్పు పట్టలేం, అక్కడ శనివారం శనివారం కూలి చేతికి వస్తుంది.

కాబట్టి లక్ష్యం తప్పు. అయినా మనం పడినమాట నిజం. ఈ రెండూ కలిపి పట్టుకోవాలని మా కోరిక. ఒకటి చెప్పి ఇంకొకటి దాచితే ఈ మీటింగు వల్ల ఉపయోగం లేదు.

ఎందుకు పడినాం అని మిమ్మల్ని ఒక్కొక్కరినీ అడిగినాం. ధర ఎక్కువ అన్నారు. పవర్‌లూమ్ అన్నారు. ఆన్‌లైన్ అన్నారు. ఇవి మేమూ ముప్పై ఏళ్ళుగా చెప్పుకుంటున్నవే. అందుకని ఒక పని చేసినాం. మేనేజరని చెప్పకుండా ఎనిమిది దినాలు బళ్ళారి డిపోలో మూలన స్టూలు వేసుకొని కూర్చున్నాం. మన డిపో పిల్లలకు తప్ప ఎవరికీ తెలీదు. వచ్చినవాళ్ళు మేము ఎవరో ముసలాయన భార్య కోసం ఎదురు చూస్తున్నాడు అనుకున్నారు. మా మనవడి రూళ్ళ నోటుబుక్కు ఒకటి తెచ్చుకొని, లోపలికి వచ్చిన ప్రతి కుటుంబానికి ఒక గీత, కొన్నారా లేదా, కొనకపోతే ఏం అడిగి పోయినారు, ఇంత మాత్రం రాసినాం.

112 బేరాలు వచ్చినాయి. 31 కొన్నారు. 81 వట్టి చేతులతో పోయినారు.

ధర ఎక్కువని పోయినవాళ్ళు 19 మందే. ఊరికే చూడటానికి వచ్చినవాళ్ళు 9. ఫోనులో డబ్బు కట్టే బోర్డు పని చేయక పోయినవాళ్ళు 7, అది సిగ్గుచేటు, ఆ సాయంత్రమే బాగు చేయించినాం. మడత మీద రంగు పోయిందని, మాసినట్టుందని వదిలేసినవాళ్ళు 12. మిగతా 34 మంది అడిగింది మన దగ్గర లేదు. మన పిల్లలు "లేదమ్మా" అన్నారు, వాళ్ళు పోయినారు. అంతే. ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. అమ్మినదానికి బిల్లు ఉంటుంది. అమ్మలేనిదానికి ఏ పుస్తకమూ లేదు.

ఆ 34 మందిలో ఎక్కువమంది అడిగింది ఒకటే. రోజూ కట్టే నూలు చీర, తేలికగా ఉండాలి, రవిక గుడ్డ చీరలోనే రావాలి, 1,200 నుండి 1,500 లోపల. బడి టీచర్లు, అంగన్‌వాడీ వాళ్ళు, బ్యాంకులో పని చేసే ఆడపిల్లలు. మన అలమరాల్లో ఏముంది? 3,500 పైన పట్టు కలిసిన చీరలు పైనుండి కింద దాకా. ఎందుకున్నాయి? లక్ష్యం రూపాయల్లో ఉంది కాబట్టి. డిపో మేనేజరు ఇండెంటు పెట్టేటప్పుడు ఆలోచిస్తాడు: ఒక పట్టు చీర పోతే మూడు నూలు చీరలు అమ్మినంత, నా లక్ష్యం తొందరగా నిండుతుంది అని. అతనిది తప్పు కాదు, అలా ఆలోచించేలా మనమే పెట్టినాం. పట్టు చీర మొలకాల్మూరు పోయి నేసేవాడి ఇంట్లోనే కొనుక్కోగలడు బళ్ళారి మనిషి. కారేసుకొని పోయి వస్తాడు. రోజూ కట్టే నూలు చీరకు ఎవడూ కారేసుకొని పోడు. దానికి మన డిపోకే రావాలి, వస్తున్నాడు కూడా, మనమే లేదని పంపుతున్నాం.

ఐదో దినం జరిగింది ఒకటి చెప్తాం. అది మా తప్పు కాబట్టి వివరంగా చెప్తాం.

సిరుగుప్ప వైపు నుండి ఒక టీచరమ్మ వచ్చింది. బడి వార్షికోత్సవానికి అయిదుగురు టీచర్లు ఒకే రకం కట్టుకోవాలని. ఆకుపచ్చ, మామిడిపిందె అంచు చీర చేతిలోకి తీసుకొని ఇట్లాంటివి అయిదు కావాలన్నది. ధర అడిగింది, బేరం కూడా ఆడలేదు. మన అమ్మాయి లోపలికి పోయి వెతికింది. రెండే ఉన్నాయి. ఇంకో మూడు అదే పచ్చ అని చూపించింది గాని, వెలుతురులో పక్కపక్కన పెట్టేసరికి మూడు పచ్చలు మూడు రకాలు. "అక్కా, వారంలో తెప్పిస్తాం" అన్నది. ఆమె నవ్వి, శనివారమే కార్యక్రమం అని పోయింది. పక్క వీధిలో పవర్‌లూమ్ చీరలు అయిదు ఒకే తానులో వచ్చినట్టు ఉంటాయి, అవి కొని ఉంటుంది.

ఆ చీర మీద చీటీ తిప్పి చూసినాం. మా సంఘం నుండి వచ్చిన చీరే. ఏ పడుగులోదో, ఎవరు నేసినారో కూడా మాకు తెలుసు. ఒక పడుగు వేస్తే ఆరేడు చీరలు దిగుతాయి. పడుగు నూలు ఒక్క వాయలో రంగు అద్దింది, పేక కూడా అంతే. అవి అన్నదమ్ముల్లా ఒకే రంగుంటాయి. ఇంకో వాయ వేస్తే ఎంత తూకం పెట్టి రంగు కలిపినా, నీళ్ళు మారితే, పొయ్యి వేడి మారితే, కొంచెం తేడా వస్తుంది. చేతి అద్దకంలో అది ఉన్నదే. మరి ఆ ఆరేడు ఏమైనాయి? మేమే గోడౌనులో కూర్చొని అన్ని డిపోలకూ సమానంగా రావాలని, ఏ డిపో వాళ్ళూ మాకు కొత్త డిజైను రాలేదని మూతి ముడుచుకోకూడదని, బళ్ళారికి రెండు, ఆదోనికి రెండు, రాయదుర్గానికి రెండు పంచినాం. ఏళ్ళ తరబడి ఇట్లనే పంచినాం. న్యాయంగా ఉన్నామనుకున్నాం. అయిదు కావాలన్న మనిషికి మూడు ఊర్లలో ఆరు చీరలున్నాయి, ఒక ఊర్లోనూ అయిదు లేవు.

ఇకమీదట ఒక పడుగు చీరలు ఒకే డిపోకు పోతాయి. చీటీ మీద పడుగు నెంబరు ఉంటుంది. ఈ నెల బళ్ళారికి పచ్చ పడుగు పోతే ఆదోనికి నీలం పడుగు పోతుంది. మీకు రకాలు తక్కువ కనిపిస్తాయి, ఆ నష్టం ఉంది, కాదనం. రెండు నెలలు చూసి మిగిలినవి డిపోలు మార్చుకోవచ్చు. కాని అయిదు అడిగినవాళ్ళకు అయిదు ఇవ్వగలిగేది ఇదొక్కటే దారి. పవర్‌లూమ్ వాడు వందకు వంద ఒకే రకం ఇస్తాడు, అతనితో మనం పోటీ పడలేం. అయిదారు వరకు పడగలం.

ఇంక మడత మీద రంగు పోయిందన్న పన్నెండు మంది సంగతి. పాత సరుకు.

డిపో అలమరాలో ఎంత పాతదో కనుక్కోవడానికి పుస్తకం చూడక్కర్లేదు. మడత విప్పి వెలుతురుకు పట్టండి. మడత అంచు వెంట గీత మాదిరి రంగు వెలిసి ఉంటుంది. వేలితో రాస్తే గంజి పొడి రాలుతుంది. గంజి పాతబడితే పురుగు దానికోసమే వస్తుంది, అంచు దగ్గర సూది బెజ్జాల్లా కొరికి ఉంటుంది. అప్పుడిక దాన్ని ఎంత మెచ్చుకున్నా ఎవరూ కొనరు. అయినా మన డిపోల్లో ఒక నమ్మకం ఉంది, పండగ రిబేటు వచ్చినప్పుడు పోతుందిలే అని. ఆ నమ్మకం ఎంత ఖర్చో ఒక చీరకు లెక్క చూద్దాం. పన్ను, డిపో అద్దె పక్కన పెడదాం, సులువుగా ఉంటుంది.

అమ్మే ధర 2,000. మనకు నూలు, రంగు, కూలి కలిసి పడింది 1,600. ఆ 1,600 బ్యాంకు అప్పు. నెలకు నూటికి రూపాయి చొప్పున వేసుకుంటే నెలకు 16 రూపాయలు. చీర పదెనిమిది నెలలు అలమరాలో కూర్చుంటే వడ్డీ 288. అప్పుడు నూటికి ఇరవై రిబేటు పెట్టి 1,600కు అమ్మినాం. పడిన ధర పడినట్టే వచ్చింది, 288 చేతినుండి పోయింది. అదే చీరను నాలుగో నెలలోనే, ఇది కదలదు అని తెలిసిన వెంటనే, నూటికి పది తగ్గించి 1,800కు ఇచ్చేసి ఉంటే? వడ్డీ 64. పోగా 136 మిగిలేది. పైగా ఆ 1,600 తిరిగి వచ్చి ఇంకో మూడు సార్లు నూలుగా మారేది. రిబేటు మన చుట్టం కాదప్పా. ఎక్కువసార్లు అది పాతబడిన తప్పుకు మనం కట్టే జుల్మానా.

సరిహద్దు కష్టం కూడా ఇందులో ఉంది. ఒక రాష్ట్రం తన సంఘాలకిచ్చే రాయితీ రెండో రాష్ట్రం సంఘానికి రాదు. రాయదుర్గం పక్క నేసిన చీర బళ్ళారిలో రిబేటుకు అమ్మితే ఆ తగ్గింపు ఎవరూ తిరిగి ఇవ్వరు, మన సంచిలోనుండే పోతుంది. ఒకప్పుడు ఈ గీత లేదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టినప్పుడు ఆ ఊరు ఈ బళ్ళారి జిల్లాలోదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయినాయి, బళ్ళారి మైసూరులో కలిసింది. మగ్గాలు ఎక్కువ అటు, అంగడి ఇటు. మా నాయన ఎప్పుడూ అనేవాడు, గీత గీసినవాడికి సంత ఎక్కడుందో తెలీదు అని. ఇప్పుడు తీరదు అది. మీరు చేయాల్సిందల్లా రిబేటును నమ్ముకోకుండా ఉండటమే.

దీనికి చేసే పని చిన్నది. సరుకు వచ్చిన నాడే చీటీకి దారం కట్టండి. ఉగాది నుండి ఆషాఢం లోపల వచ్చినదానికి తెల్ల దారం, శ్రావణం నుండి దీపావళి దాకా పచ్చ దారం, తర్వాత వచ్చినదానికి ఎర్ర దారం. అలమరా తెరవగానే ఏది ముసలిదో కనిపిస్తుంది. నాలుగు నెలలు దాటినది ముందు వరసలోకి రావాలి, మడత మార్చాలి, ఆ నెలాఖరుకు కదలకపోతే మాకు ఫోను చేయండి. పది శాతం తగ్గించే అధికారం ఇంతకుముందు మీకు లేదు. ఇప్పుడు ఇస్తున్నాం. తీర్మానం రాయించినాం, కాపీ నాలుగు డిపోలకూ ఇస్తాం.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. మార్చిలో కొన్ని బిల్లులు అరువు మీద రాసినారు. ఆఫీసుల వాళ్ళకు నెలనెలా వాయిదాల మీద ఇచ్చినట్టు. అందులో కొన్నిటికి ఇప్పటికీ ఒక్క వాయిదా రాలేదు, కొన్ని చీరలు ఏప్రిల్‌లో తిరిగి అలమరాకే వచ్చినాయి. ఎవరని మేము అడగం. ఎందుకంటే మేమూ అదే చేసినాం. మా సంఘంలో ఒక సంవత్సరం ఆఖరున, ఉత్పత్తి అంతా అమ్మకమైనట్టు చూపించడానికి మార్చి 30న రెండు మూటలు ఒక డిపోకు ఇన్వాయిసు వేసి పంపినాం. ఏప్రిల్‌లో మూటలు కట్టు విప్పకుండానే తిరిగి వచ్చినాయి. కాగితం మీద మా సంఘం బాగా అమ్మినట్టుంది, దాన్ని చూసి మరుసటి ఏడు లక్ష్యం పెంచినారు, దాన్ని చూసి మేము నూలు ఎక్కువ కొన్నాం. ఆ నూలుకు వడ్డీ మూడేళ్ళు కట్టినాం. అబద్ధం బిల్లు ఒక నెల కాపాడుతుంది, మరుసటి ఏడు లక్ష్యమై తిరిగి మన మీదే కూర్చుంటుంది. ఇకమీద డబ్బు చేతికి వచ్చిన నాడే అమ్మకం. అరువు ఇవ్వొద్దనడం లేదు, జీతగాళ్ళ వాయిదాలు లేకుండా ఈ వ్యాపారం జరగదు. విడిగా పుస్తకంలో రాయండి అంటున్నాం. పోయిన మార్చి వరకు జరిగినవి మాఫీ. ఇప్పటినుండి రాసిన అబద్ధం బిల్లుకు మాఫీ లేదు. ఇందులో మాత్రం మేము గట్టిగా ఉంటాం, తర్వాత నొచ్చుకోవద్దు.

కొత్త లక్ష్యం సంగతి అందరూ ఎదురు చూస్తున్నారు. చెప్తాం.

లక్ష్యం ఇకమీద చీరల్లో ఉంటుంది, రూపాయల్లో కాదు. నాలుగు డిపోలకు కలిపి 2,200. పోయిన ఏడు 2,000 అమ్మినారు, అంటే ఒక్కో డిపోకు వారానికి ఒక చీర ఎక్కువ. లెక్క వేసుకోండి, అంతే వస్తుంది. అందులో సగానికి తగ్గకుండా 1,500 లోపలి నూలు చీరలు ఉండాలి. అవి మేము పంపితేనే కదా మీరు అమ్మేది, కాబట్టి మా సంఘానికీ లక్ష్యం వేసుకున్నాం. మేము పంపకపోతే మీ లెక్కలోనుండి అంత తీసేస్తాం. ఆఫీసుల పెద్ద ఆర్డర్లు ఏమైనా వస్తే సంతోషం, వాటికి వేరే పుస్తకం. వాటిని ఈ లెక్కలో కలపం, మరుసటి ఏడు వాటి మీద పెంచం.

ఇంకొకటి. పాత లక్ష్యం పన్నెండు నెలలకు సమానంగా పంచినారు, నెలకు అయిదు లక్షలు. ఇది మగ్గం, సంత రెండూ తెలియనివాళ్ళు చేసే పని. మన సీమలో డబ్బు నెలనెలా సమానంగా వస్తుందా? తుంగభద్ర కాలువ కింద వరి కోసి, మిరప, పత్తి అమ్ముకున్నాక చేతిలో డబ్బు ఆడుతుంది. తర్వాత బళ్ళారి కనకదుర్గమ్మ సిడిబండి, ఆ వెనకాలే ఉగాది. మళ్ళీ శ్రావణంలో వరలక్ష్మి వ్రతం, దసరా, దీపావళి. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు. 2024 ఆగస్టులో డ్యాము 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు గుర్తుందా, నీళ్ళు నిలుస్తాయా లేదా అని రైతు డ్యాము వైపే చూస్తా ఉన్నాడు గాని చీరల అంగడి వైపు చూడలేదు. శ్రావణం అయినా సరే. అటువంటి నెలలో అయిదు లక్షలు రాలేదని మెమో ఇస్తే మీరేం చేస్తారు? రెండు మెమోలు వచ్చినాక ఎవరికైనా చేతులు పడిపోతాయి. ఆషాఢానికే సంవత్సరం పోయిందనుకొని దసరాకు కూడా సరుకు అడగలేదు మీలో ఒకరు, మాకు తెలుసు. అందుకని నెలల లక్ష్యం మీరే రాసి ఇవ్వండి. మొత్తం 2,200 రావాలి, ఏ నెలకు ఎంత అనేది మీ ఊరి పండగలు, మీ ఊరి పంట చూసుకొని మీరు వేయండి. సిరుగుప్పకు, ఆదోనికి ఒకటే ఉండదు.

మీ ఇంక్రిమెంట్ల గురించి సమాఖ్య బోర్డులో మాట్లాడినాం. లక్ష్యం వేసిన తీరు తప్పు అని ఈ లెక్కే చూపించినాం. పూర్తిగా ఒప్పుకోలేదు, ఆరు నెలల తర్వాత చూస్తామన్నారు. బదిలీలు మాత్రం ఈ ఆరు నెలలు ఉండవని మాట తీసుకున్నాం. అంతకంటే ఎక్కువ మేము తేలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాం.

ఇంక ఈ నోటుబుక్కులు. నాలుగు తెచ్చినాం, ఒక్కో డిపోకు ఒకటి. అట్ట మీద "లేదన్న పుస్తకం" అని మా కోడలు రాసింది, దస్తూరి బాగుంటుంది. వచ్చినవాళ్ళు కొనకుండా పోతే వాళ్ళు గడప దాటగానే ఒక్క వరస. ఏం అడిగినారు, ఎంత లోపల అడిగినారు, మనం ఏమన్నాం. పేర్లొద్దు, ఫోను నెంబర్లొద్దు. వాళ్ళ ముందర రాయొద్దు, సర్వేకు వచ్చినట్టు ఉంటుంది. రాత్రి ఇంటికి పోయే ముందు గుర్తు తెచ్చుకొని రాయొద్దు, అప్పుడు మన మనసులో ఉన్నదే రాస్తాం, "ధర ఎక్కువన్నారు" అనే వస్తుంది అన్నిటికీ. సోమవారం సోమవారం ఫోను చేసి మాకు చదివి వినిపించాలి. నాలుగు డిపోల్లోనూ ఒకటే మాట మూడు వారాలు వినిపిస్తే, ఆ నాలుగో వారం ఒక పడుగు దానికోసం వేయిస్తాం. ఒక్క పడుగే. ఆరు చీరలు పోయినాయా, ఇంకో రెండు పడుగులు. పోలేదా, ఆరు చీరలతోనే నష్టం ఆగింది.

ఇక్కడికి మేము ఆపినప్పుడు, సిరుగుప్ప డిపో అమ్మాయి లేచి ఒక ప్రశ్న అడిగింది. అది కూడా ఈ సంచికలో వేయమన్నాం. "సార్, పోయిన సారి కూడా ఒక రిజిస్టరు ఇచ్చినారు. రాసినాం. ఎవరూ చదవలేదు. ఇది మీరు చదువుతారా?" అన్నది. సభలో అందరూ నవ్వినారు, ఆమె నవ్వలేదు.

అమ్మా, అది మంచి ప్రశ్న. మాకు కళ్ళు సరిగా ఆనవు, అందుకే చదివి వినిపించమన్నాం. రెండు సోమవారాలు మేము ఫోను ఎత్తకపోతే మూడో సోమవారం రాయడం ఆపేయండి. అప్పుడు మిమ్మల్ని ఎవరూ అడగరు, అడిగితే ఈ మాట మేమే అన్నామని చెప్పండి. మినిట్సులో రాయించినాం.

కాఫీ వచ్చినట్టుంది. రేపు పొద్దున పది గంటలకు బళ్ళారి డిపోలో సరుకు లెక్క, అన్ని డిపోల వాళ్ళూ ఉండి చూడాలి. అలమరా తాళాలు ఎవరి దగ్గరున్నాయో వాళ్ళు తొమ్మిదిన్నరకే రండి. దారం ఉండలు మేము తెస్తాం.